ఏకవ్యక్తి కంపెనీలో రెండో పేరు

విజయవాడ ఆటోనగర్‌లో వ్యవసాయ బోర్లకు స్టార్టర్ ప్యానెళ్లు తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. యజమాని ఒక్కడే. ఒక షెడ్డు, పదిమంది పనివాళ్లు, గోదావరి జిల్లాల నుంచి పల్నాడు దాకా పాతికమంది డీలర్లు. పేరు పక్కన ‘ప్రైవేట్ లిమిటెడ్’ ఉంటే పెద్ద ఆర్డర్లు వస్తాయని డీలర్లు చెప్పారు. భాగస్వామిని తెచ్చుకోవడం ఇష్టంలేక ఆయన ఏకవ్యక్తి కంపెనీ పెట్టుకున్నాడు. వ్యాపార వర్గాల్లో దీన్ని పొట్టిగా ఓపీసీ అంటారు. కాగితాలు నింపే రోజున ఆడిటర్ ఆఫీసులో గుమాస్తా “నామినీగా ఎవరి పేరు పెట్టమంటారండీ?” అని అడిగాడు. భార్య పేరు పాన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. అది సరిచేయించేదాకా ఆగడమెందుకని, తోడు వచ్చిన బావమరిది పేరు రాయించేశాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

పదేళ్లు కష్టపడి నిలబెట్టిన షెడ్డు, యంత్రాలు, డీలర్ల దగ్గరున్న బాకీలు, కంపెనీ పేరున ఉన్న బ్యాంకు ఖాతా రేపు ఎవరి అజమాయిషీలోకి వెళ్తాయో ఆ రెండు నిమిషాల్లోనే తేలిపోయింది. ఆ సంగతి మాత్రం ఆయనకు తెలియదు. ఓపీసీ పెట్టేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. మూలధనం ఎంత పెట్టాలి, పన్ను ఎంత పడుతుంది, టర్నోవర్ ఎంత దాటితే కంపెనీని మార్చుకోవాలి అని పదే పదే అడుగుతారు. నామినీ గడిని మాత్రం రైల్వే రిజర్వేషన్ ఫారంలో వయసు రాసినంత తేలిగ్గా నింపేస్తారు.

ఈ తరహా కంపెనీ మన దేశానికి కొత్తది. కంపెనీల చట్టాన్ని తిరగరాయడానికి జె.జె. ఇరానీ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2005లో ఈ సూచన చేసింది. 2013 నాటి చట్టంలో అది చేరి, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఒంటరి వ్యాపారి కంపెనీ పెట్టాలంటే పేరుకైనా ఇంకో మనిషి కావాల్సి వచ్చేది. భార్య పేరునో తమ్ముడి పేరునో నాలుగు వాటాలు రాసి, మిగతావన్నీ తన పేరున ఉంచుకునేవాడు. ఇది ఇంగ్లండులోనూ ఉన్న పద్ధతే. లండన్‌లో బూట్లు తయారుచేసే ఆరన్ సాలమన్ అనే వ్యాపారి 1892లో కంపెనీ పెట్టినప్పుడు కనీసం ఏడుగురు ఉండాలన్న నియమం కోసం భార్యకు, కూతురికి, నలుగురు కొడుకులకు తలా ఒక వాటా ఇచ్చాడు. తన దగ్గర 20,001 వాటాలు ఉంచుకున్నాడు. కంపెనీ వేరు, యజమాని వేరు అన్న మౌలిక సూత్రం తర్వాత ఆ కంపెనీ విషయంలో నడిచిన కేసులోనే స్థిరపడింది. ఆ ఉత్తుత్తి వాటాదారుల అవసరం లేకుండా ఒక్కడినే సభ్యుడిగా ఒప్పుకోవడమే ఓపీసీ ప్రత్యేకత. చట్టం దృష్టిలో ఇది కూడా ప్రైవేట్ కంపెనీయే. బోర్డు మీద, బిల్లుల మీద పేరు కింద అది ఏకవ్యక్తి కంపెనీ అని బ్రాకెట్లలో తప్పనిసరిగా రాయాలి.

దీన్ని ఎవరు పెట్టవచ్చు? నియమం సూటిగానే ఉంది. సభ్యుడు మనిషై ఉండాలి, భారత పౌరుడై ఉండాలి. అంటే ఒక కంపెనీయో, భాగస్వామ్య సంస్థో, హిందూ అవిభక్త కుటుంబమో ఓపీసీ పెట్టలేవు. మైనరు సభ్యుడూ కాలేడు, నామినీ కూడా కాలేడు. ఒక మనిషి ఒకే సమయంలో ఒక్క ఓపీసీలోనే సభ్యుడిగా ఉండాలి, ఒక్కదానికే నామినీగా ఉండాలి. సేవాసంస్థగా నడిచే సెక్షన్ 8 కంపెనీని ఈ రూపంలో పెట్టడం కుదరదు. ఇతర కంపెనీల వాటాల్లో పెట్టుబడులు పెట్టడంతో సహా బ్యాంకింగేతర ఆర్థిక వ్యాపారం కూడా ఓపీసీకి నిషిద్ధం.

2021 దాకా దేశంలో నివాసం ఉండేవాళ్లకే ఈ అవకాశం ఉండేది. ఆ ఏడాది బడ్జెట్‌తో పాటు వచ్చిన సవరణ 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రవాస భారతీయులకూ తలుపు తెరిచింది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లు ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది పౌరసత్వం. డాలస్‌లో హెచ్1బీ వీసా మీద ఉన్నా, గ్రీన్‌కార్డు వచ్చినా భారత పాస్‌పోర్టు ఉన్నంత కాలం ఓపీసీ పెట్టుకోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో వచ్చేవారికి మాత్రం ఆ అర్హత లేదు. నామినీకీ ఇదే లెక్క. అమెరికా పౌరుడైన అన్నను నామినీగా పెట్టుకోవడం కుదరదు.

రెండోది డైరెక్టర్ సంగతి. సభ్యుడు విదేశంలో ఉండవచ్చు కానీ ప్రతి కంపెనీలోనూ కనీసం ఒక డైరెక్టర్ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు భారతదేశంలో ఉండి తీరాలని చట్టంలో మరోచోట ఉంది. ఓపీసీకి దీని నుంచి మినహాయింపు లేదు. కాబట్టి దుబాయ్‌లో ఉద్యోగం చేసుకుంటూ నిజామాబాద్‌లో పసుపు ప్యాకింగ్ యూనిట్‌కు ఓపీసీ పెట్టాలనుకునే వ్యక్తి ఊళ్లో ఉండే తండ్రినో, అక్కనో, నమ్మకస్తుడైన మేనేజరునో డైరెక్టర్‌గా తీసుకోవాలి. వాటాలన్నీ తనవే అయినా రోజువారీ సంతకాలు ఇంకొకరి చేతిలో ఉంటాయి. ఆ చేతులు ఎవరివన్నది రిజిస్ట్రేషన్‌కు ముందే ఆలోచించుకోవాలి.

ఇక నామినీ దగ్గరికి వద్దాం. సభ్యుడు చనిపోయినా, మతిస్థిమితం కోల్పోవడం వంటి కారణాల వల్ల ఒప్పందాలు చేసుకునే సామర్థ్యం పోయినా ఆ స్థానంలోకి వచ్చే మనిషి పేరు కంపెనీ మెమోరాండంలోనే ఉండాలి. ఆయన రాతపూర్వక అంగీకారం ఐఎన్‌సీ-3 అనే పత్రంలో తీసుకుని రిజిస్ట్రేషన్ దరఖాస్తుతోనే దాఖలు చేయాలి. సభ్యుడు బతికుండగా నామినీకి కంపెనీలో వాటా లేదు, లాభం లేదు, ఓటు లేదు, అప్పుల బాధ్యతా లేదు. ఆయన కేవలం గుమ్మం బయట నిలబడ్డ మనిషి.

ఆ మనిషిని మార్చుకోవడం కష్టమేమీ కాదు. సభ్యుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంకొకరి పేరు ఇవ్వవచ్చు. దానికి మెమోరాండం సవరణ తీర్మానాలు అక్కర్లేదు. కొత్త నామినీ అంగీకారపత్రంతో ఐఎన్‌సీ-4 దాఖలు చేస్తే చాలు. నామినీ కూడా ‘నాకీ బాధ్యత వద్దు’ అని రాసి ఇచ్చి తప్పుకోవచ్చు. అప్పుడు సభ్యుడు 15 రోజుల్లో కొత్త పేరు ఇవ్వాలి, కంపెనీ 30 రోజుల్లో రిజిస్ట్రార్‌కు తెలియజేయాలి. ఇంత సులువుగా మార్చుకునే పేరునే ఎవరూ మార్చరు. ఆటోనగర్ యజమాని భార్య పాన్ కార్డు ఆరు నెలల్లో సరి అయింది. నామినీ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ యజమాని హఠాత్తుగా గుండెపోటుతో పోయాడనుకుందాం. ఇంట్లో భార్య, డిగ్రీ చదువుతున్న కూతురు, పదహారేళ్ల కొడుకు, ముసలి తల్లి. కంపెనీ చట్టం ప్రకారం ఆ క్షణం నుంచి సభ్యుడు బావమరిది. వాటాలన్నిటికీ హక్కుదారుగా కంపెనీ గుర్తించేది ఆయననే. 15 రోజుల్లో ఆయన తన తర్వాతి నామినీని ఎంచుకోవాలి. సభ్యుడు మారిన సంగతిని కంపెనీ 30 రోజుల్లో రిజిస్ట్రార్‌కు ఐఎన్‌సీ-4లో తెలపాలి. బావమరిదికి అప్పటికే సొంత ఓపీసీ ఉంటే 180 రోజుల్లోగా రెండింటిలో ఒకదాన్ని వదులుకోవాలి.

సభ్యుడు కావడం వేరు, డైరెక్టర్ కావడం వేరు. మొదటి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. పోయిన యజమానే కంపెనీకి ఉన్న ఒక్కగానొక్క డైరెక్టర్. రిజిస్ట్రార్‌కు ఇచ్చే ఫారాలపై పడాల్సింది ఆయన డిజిటల్ సంతకమే, బ్యాంకులో చెక్కులపై ఉండాల్సిందీ ఆయన సంతకమే. కొత్త సభ్యుడు తనను డైరెక్టర్‌గా నియమించుకుని, డైరెక్టర్ గుర్తింపు సంఖ్య, డిజిటల్ సంతకం తెచ్చుకుని, ఆ కాగితాలు బ్యాంకులో ఇచ్చేదాకా ఖాతా కదలదు. శనివారం పనివాళ్లకు కూలి ఇవ్వాలి, రాగి తీగ సరఫరాదారుకు చెల్లింపు ఉంది, జీఎస్టీ రిటర్ను గడువు దగ్గరపడుతోంది. కంపెనీకి మరణం లేదని పుస్తకాల్లో రాసుకుంటాం. కానీ సంతకం పెట్టే చేయి లేక కొన్ని వారాల్లోనే డీలర్లు వేరే కంపెనీ వైపు వెళ్లిపోతారు.

దీనికి విరుగుడు చట్టంలోనే ఉంది. ఓపీసీలో సభ్యుడు ఒక్కడే కానీ డైరెక్టర్లు 15 మంది దాకా ఉండవచ్చు. నామినీనే ముందుగా రెండో డైరెక్టర్‌గా తీసుకుంటే ఆ ఖాళీ ఏర్పడదు. దీనికి ప్రతిగా పెరిగే పని స్వల్పం. ఒకే డైరెక్టర్ ఉన్న ఓపీసీకి బోర్డు సమావేశాలు అక్కర్లేదు. ఇద్దరున్నప్పుడు క్యాలెండర్ సంవత్సరంలో ప్రతి ఆరు నెలలకు ఒకటి, రెండింటి మధ్య కనీసం 90 రోజుల ఎడంతో జరపాలి. ఏడాదికి రెండు సమావేశాలతో పోయేదానికి వెనకాడాల్సిన పనిలేదు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. బావమరిదికి కంపెనీలో సభ్యత్వం వచ్చింది సరే, ఆ ఆస్తి కూడా ఆయనదేనా? హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన ఆ యజమానికి మొదటి తరగతి వారసులు భార్య, కొడుకు, కూతురు, తల్లి. నలుగురికీ సమాన వాటాలు, అంటే తలా నాలుగో వంతు. బావమరిది ఆ జాబితాలో ఎక్కడా లేడు. సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో మామూలు కంపెనీల వాటాల గురించి ఒక స్పష్టమైన తీర్పు ఇచ్చింది. వాటాలకు నామినీగా పేరున్నంత మాత్రాన అతను సొంతదారు కాడని, వారసత్వ చట్టాన్ని నామినేషన్ పక్కకు నెట్టలేదని చెప్పింది. ఆ కేసు ఓపీసీకి సంబంధించినది కాదు. ఓపీసీ నామినేషన్ వేరే సెక్షన్ కింద, మెమోరాండంలోనే రాసే ఏర్పాటు. అందువల్ల రెండు పక్షాలకూ వాదన మిగిలే ఉంది. ‘చట్టమే నన్ను సభ్యుణ్ని చేసింది’ అని బావమరిది అనవచ్చు. ‘నువ్వు మా తరఫున కాపలాదారువి మాత్రమే’ అని అక్క అనవచ్చు. తోబుట్టువుల మధ్య సామరస్యం ఉంటే నడిచిపోతుంది. లేకపోతే కోర్టు గడపే గతి.

అందుకే నామినీ పేరూ, వీలునామాలో రాసిన వారసుడి పేరూ ఒకటే కావాలి. కుదరనప్పుడు నామినీ ఎవరి కోసం వాటాలను పట్టుకుని ఉంటాడో వీలునామాలో తేటగా రాయాలి. పిల్లలు మైనర్లయితే ఇది మరీ అవసరం, ఎందుకంటే ఓపీసీ వాటా మీద ప్రయోజన హక్కును కూడా మైనరు పేరున ఉంచడానికి నియమాలు ఒప్పుకోవు.

కంపెనీని ఎప్పుడు మార్చాలన్న ప్రశ్న కూడా ఈ దారిలోనే వస్తుంది. ఈ విషయంలో జనం నోళ్లలో నానుతున్న సమాధానం పాతది. చెల్లించిన మూలధనం 50 లక్షలు దాటినా, మూడేళ్ల సగటు టర్నోవర్ 2 కోట్లు దాటినా ఓపీసీని మార్చి తీరాలని ఇప్పటికీ చాలామంది చెబుతున్నారు. 2021 మార్చి 31 దాకా అది నిజం. ఆటోనగర్ యూనిట్‌కు వరసగా మూడేళ్లు 1.6 కోట్లు, 2.1 కోట్లు, 2.6 కోట్ల టర్నోవర్ వచ్చిందనుకుంటే సగటు 2.1 కోట్లు. ఆ మూడో ఏడాది 2019 మార్చి 31తో ముగిసి ఉంటే, పరిమితి దాటిన సంగతి 60 రోజుల్లో రిజిస్ట్రార్‌కు చెప్పి, సెప్టెంబరు నెలాఖరులోగా రెండో సభ్యుణ్ని వెతుక్కుని కంపెనీని మార్చాల్సి వచ్చేది. వ్యాపారం పెరగడమే నేరమన్నట్టుండేది. మళ్లీ భార్య పేరున నాలుగు వాటాలు రాసే పాత పద్ధతికే యజమాని వెళ్లేవాడు. స్వచ్ఛందంగా మారాలన్నా మొదటి రెండేళ్లు ఆగాలన్న షరతు ఉండేది.

2021 ఏప్రిల్ 1తో ఆ రెండు పరిమితులూ, రెండేళ్ల నిరీక్షణా పోయాయి. ఇవాళ ఓపీసీ మూలధనం 5 కోట్లైనా, టర్నోవర్ 50 కోట్లైనా ఆ ఒక్క కారణంతో మారనక్కర్లేదు. పాత అంకెలు చూపించి భయపెట్టి, అవసరం లేని మార్పుకు ఫీజు కట్టించుకునేవాళ్ల మాట నమ్మాల్సిన పనిలేదు.

మరి ఇప్పుడు తప్పనిసరి ఎప్పుడు? రెండో యజమాని వచ్చిన రోజు. ఓపీసీ నిర్వచనమే ఒక్క సభ్యుడు కాబట్టి ఇంకొకరికి ఒక్క వాటా ఇవ్వాలన్నా ముందు రూపం మారాలి. పెట్టుబడిదారు డబ్బు పెట్టి వాటా అడిగినా, మంచి ఇంజనీరును నిలబెట్టుకోవడానికి వాటా ఇవ్వాలనుకున్నా, తమ్ముణ్ని భాగస్వామిని చేయాలనుకున్నా ఇదే దారి. ఆటోనగర్ కుటుంబంలో భార్య, అత్తగారు, పిల్లలు తమ నాలుగో వంతులను ఎవరికి వారు పొందాలన్నా కంపెనీ ఓపీసీగా ఉండగా సాధ్యం కాదు. అంకెలు పెట్టిన గడువు పోయింది, మనుషులు తెచ్చే గడువు మిగిలింది.

మార్పు పని పెద్ద కష్టమైనది కాదు. సభ్యుడు మెమోరాండం, ఆర్టికల్స్ సవరిస్తూ తీర్మానం రాసి మినిట్స్ పుస్తకంలో సంతకం చేస్తాడు. ప్రైవేట్ కంపెనీ కావాలంటే కనీసం ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు కావాలి. పబ్లిక్ కంపెనీకి ఏడుగురు సభ్యులు, ముగ్గురు డైరెక్టర్లు. సవరించిన పత్రాలు, కొత్తవారి అంగీకారాలు, అప్పులిచ్చినవాళ్ల జాబితా, తాజా ఆడిట్ లెక్కలు జతచేసి ఐఎన్‌సీ-6 దాఖలు చేస్తే రిజిస్ట్రార్ కొత్త ధ్రువపత్రం ఇస్తారు. పాత అప్పులు, ఒప్పందాలు, బాధ్యతలు ఏవీ మారవు. పేరులోంచి ఓపీసీ అన్న ముక్క పోతుంది, కంపెనీ గుర్తింపు సంఖ్యలో ఓపీసీ అని ఉన్న మూడక్షరాలూ మారతాయి. కాబట్టి పాన్, జీఎస్టీ, బ్యాంకు, విద్యుత్ కనెక్షన్ అన్నిచోట్లా సవరించుకోవాలి. నామినీ పాత్ర అక్కడితో ముగుస్తుంది. అయితే ఒకసారి ప్రైవేట్ కంపెనీ అయ్యాక ఇద్దరు సభ్యులకు తగ్గకూడదు. ఒక్కరే మిగిలి ఆరు నెలలు దాటి వ్యాపారం నడిపితే, ఆ సంగతి తెలిసి నడిపిన సభ్యుడు ఆ తర్వాత చేసిన అప్పులకు సొంతంగా బాధ్యుడవుతాడు.

టర్నోవర్ హద్దులు ఎత్తేసి కేంద్రం మంచిపనే చేసింది. ఆ సవరణ వల్ల ఓపీసీలు ఇంకా పెద్దవవుతాయి, ఒక్కో నామినీ పేరు వెనక ఉండే ఆస్తీ పెరుగుతుంది. అలాంటప్పుడు నామినీ సొంతదారా, వారసుల తరఫు ధర్మకర్తా అన్నది కుటుంబాలు కోర్టుల్లో తేల్చుకోవాల్సిన ప్రశ్నగా మిగలడం సరికాదు. నియమాల్లో ఒక్క వాక్యం చేరిస్తే తేలిపోయే విషయం ఇది. ఏకైక డైరెక్టర్ పోయినప్పుడు మరణ ధ్రువపత్రం చూపి నామినీ వెంటనే దాఖలు చేసుకునే సూటి మార్గాన్ని కూడా కార్పొరేట్ వ్యవహారాల శాఖ అందరికీ తెలిసేలా పెట్టాలి.

అది జరిగేదాకా పని యజమానుల చేతుల్లోనే ఉంది. ఓపీసీ నడుపుతున్న ప్రతి ఒక్కరూ ఈ వారం బీరువాలోంచి తమ ఐఎన్‌సీ-3 కాపీ తీసి అందులో ఎవరి పేరుందో చూసుకోండి. ఆ మనిషి బతికున్నారా, ఇంకా భారత పౌరులేనా, ఆ పేరు ఇంట్లోవాళ్లకు తెలుసా అని అడిగి తెలుసుకోండి. ఏ ఒక్కదానికి ‘కాదు’ అని సమాధానం వచ్చినా ఐఎన్‌సీ-4 దాఖలు చేయించి, పక్కనే ఒక వీలునామా రాసి పెట్టండి.